పదిహేడేళ్ల ఇంటి అప్పును పదేళ్లలో తీర్చాలంటే

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. మాది కర్నూలు. ఓర్వకల్లు వైపు ఒక సోలార్ ప్లాంటులో మెయింటెనెన్స్ ఇంజనీరుగా చేస్తున్నాను. కాంట్రాక్టు ఏటా రెన్యువల్ అవుతుంది. చేతికి 71,000 వస్తుంది. మూడేళ్ల కిందట నేనూ మా నాయనా కలిసి బ్యాంకులో 30 లక్షలు, 20 ఏళ్లకు, ఇంటి అప్పు తీసుకున్నాం. ఫ్లోటింగ్ రేటు, ఇప్పుడు 8.50 శాతం. ఈఎంఐ 26,035. ఇంకా 204 కంతులున్నాయి. యాప్‌లో బ్యాలెన్సు 28,04,580 చూపిస్తోంది. మూడేళ్లు కట్టినా రెండు లక్షలు కూడా తగ్గలేదని చూసి గుండె జారిపోయింది. బైకు అప్పుకి నెలకు 4,200 పోతోంది, అది ఇంకో 14 నెలల్లో తీరుతుంది. మా నాయనకు కోడుమూరు దగ్గర సేద్యం ఉంది. పత్తి బాగా పండిన ఏడాది జనవరిలో లక్ష దాకా ఇవ్వగలనంటున్నాడు. మిగిలిన అప్పు పదేళ్లలో తీరిపోవాలని నా కోరిక. మేనేజరుగారిని అడిగితే "లెక్క వేసి లెటరు పట్టుకురా" అన్నారు. నా డ్రాఫ్టులో "పదేళ్లకు ఈఎంఐ 37,196 అవుతుంది, ఏడేళ్ల కంతులు తగ్గుతాయి కాబట్టి నాకు 21,86,940 ఆదా" అని రాశాను. ఇది సరేనా? ఇంకేం రాయాలి? ఇంత ఈఎంఐ నేను మోయగలనా?

సమాధానం: లెటరు ఇవ్వకముందే చూపించి మంచి పని చేశారు. మీరు రాసిన రెండు అంకెలూ మారాలి. ఒకటి మిమ్మల్ని అనవసరంగా భయపెడుతోంది, ఇంకొకటి అనవసరంగా ఆశపెడుతోంది.

37,196 అనేది 30 లక్షల మీద వేసిన ఈఎంఐ. 30 లక్షలన్నది మూడేళ్ల కిందటి మాట. ఇవాళ మీరు బాకీ ఉన్నది 28,04,580. దాని మీద 8.50 శాతం వడ్డీతో 120 నెలలకు లెక్క కడితే 34,773 వస్తుంది. నెలకు 2,423 తేడా, మీ జీతానికి అది చిన్న మొత్తం కాదు. కంప్యూటరులో ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా ఈ రెండు సూత్రాలు కొట్టి మీరే సరిచూసుకోండి. మొదటిది కొత్త ఈఎంఐని చెబుతుంది. రెండోది ఇప్పుడు కడుతున్న ఈఎంఐతో ఇంకా ఎన్ని నెలలు పడుతుందో చెబుతుంది. రెండోదాని జవాబు 204కి అటూ ఇటూ రాకపోతే యాప్‌లో చూసిన బ్యాలెన్సో, రేటో పాతదని అర్థం.

```
=PMT(0.085/12,120,-2804580)
=NPER(0.085/12,-26035,2804580)
```

ఇక ఆదా సంగతి. 84 కంతులు తప్పుతాయి కాబట్టి 84ను 26,035తో గుణించి 21,86,940 అన్నారు. కానీ ఆ 84 కంతులను తప్పించడానికి మిగతా 120 నెలలూ నెలకు 8,738 చొప్పున ఎక్కువ కడతారు కదా. అది మొత్తం 10,48,560. దాన్ని తీసేస్తే మిగిలేది 11,38,380. మీ నిజమైన ఆదా ఇదే. ఇంకో దారిలోనూ సరిచూడొచ్చు. పాత పద్ధతిలో ఇకమీదట కట్టే వడ్డీ 25,06,560. పదేళ్లయితే 13,68,180. రెండింటికీ తేడా అదే 11,38,380. లెటరులో ఈ రెండో దారినే చూపించండి. వడ్డీకి వడ్డీ పోల్చి చూపిస్తే బ్యాంకువాళ్లు ఒక్క చూపులో సరిచూసుకోగలరు.

మూడేళ్లలో అసలు రెండు లక్షలైనా తగ్గలేదని మీరు పడ్డ బాధలోనే అసలు కిటుకు ఉంది. ఈ నెల మీ బాకీ మీద పడే వడ్డీ 19,866. మీరు కట్టే 26,035లో అది పోగా అసలుకు చేరేది 6,169 మాత్రమే. వడ్డీ ముందు తన వాటా తీసుకుని మిగిలింది అసలుకు వదులుతుంది. అందుకే అదనంగా కట్టే ప్రతి రూపాయీ నేరుగా అసలు మీదే పడుతుంది. 34,773 కడితే వడ్డీ అదే 19,866, అసలుకు మాత్రం 14,907 చేరుతుంది. ఈఎంఐ మూడో వంతు పెరిగితే అసలు తగ్గే వేగం రెండింతలు దాటింది. పదిహేడేళ్లు పదేళ్లు అవడానికి కారణం ఇదే.

ఇందులోనే ఇంకో సంగతి కూడా ఉంది. మొదట పెంచే కొద్దిపాటి మొత్తానికే ఎక్కువ ఫలితం. పదేళ్లకు బదులు 12 ఏళ్లు, అంటే 144 నెలలు పెట్టుకుంటే ఈఎంఐ 31,132 అవుతుంది. ఇప్పటికన్నా 5,097 ఎక్కువ, ఆదా 8,28,132. అక్కడి నుంచి పదేళ్లకు రావడానికి నెలనెలా ఇంకో 3,641 పెడితే అదనంగా కలిసొచ్చేది సుమారు 3.10 లక్షలు. పనికిరాదని కాదు. కానీ మీ 71,000లో ఆ 3,641 ఎంత బిగిస్తుందో కూడా చూసుకోవాలి.

మోయగలరా అన్న ప్రశ్నను బ్యాంకు ఇలా చూస్తుంది: చేతికొచ్చే జీతంలో అన్ని ఈఎంఐలూ కలిపి ఎంత శాతం? ఇప్పుడు బైకుతో కలిపి 30,235, అంటే 43 శాతం. పదేళ్లయితే 38,973, అంటే 55 శాతం. పన్నెండేళ్లయితే 35,332, అంటే సగానికి కొంచెం తక్కువ. ఎంతవరకు ఒప్పుకోవాలన్నది ఒక్కో బ్యాంకులో ఒక్కోలా ఉంటుంది. సగం దాటితే ప్రశ్నలు మొదలవుతాయని అనుకోండి. అందులో మీది ఏటా రెన్యువల్ అయ్యే కాంట్రాక్టు. పదేళ్లకు అడిగితే "బైకు అప్పు తీరాక రా" అని పంపించినా ఆశ్చర్యం లేదు, అది అన్యాయమైన మాటా కాదు.

ఇప్పుడు అసలు నిర్ణయం. అప్పు త్వరగా తీర్చడానికి గడువును కాగితం మీద తగ్గించుకోవాల్సిన అవసరమే లేదు. ఈఎంఐ 26,035గానే ఉంచి, అదే తేదీన ఇంకో 8,738 అసలు కింద జమ చేస్తూ పోయినా అప్పు ఆ పదేళ్లలోనే తీరుతుంది, ఆదా కూడా అంతే. వడ్డీ రోజువారీ బ్యాలెన్సు మీద పడుతుంది, ఆ డబ్బుకు ఏ పేరు పెట్టారన్నది దానికి పట్టదు. తేడా అంతా బాధ్యతలో ఉంది. ఈఎంఐని 34,773కు మార్పించుకుంటే ఆ మొత్తం ప్రతి నెలా కట్టి తీరాలి. కాంట్రాక్టు రెన్యువల్ రెండు నెలలు ఆలస్యమైతే కంతు బౌన్సవుతుంది, చార్జీ పడుతుంది, క్రెడిట్ రిపోర్టులో మచ్చ మిగులుతుంది. అప్పుడు వెళ్లి గడువు మళ్లీ పెంచమంటే దాన్ని ఇబ్బందుల్లో పడ్డ అప్పుగా చూసి పునర్వ్యవస్థీకరణ కింద వేసే వీలుంది. అది ఇంకా పెద్ద మచ్చ. మీ అంతట మీరు అదనంగా కడుతుంటే మాత్రం చెడ్డ నెలలో ఆ అదనం ఆపేస్తారు, 26,035 కట్టేస్తారు, అడిగేవాళ్లుండరు.

దీనికి ఎదురు మాట కూడా చెప్పాలి. అడిగేవాళ్లు లేని డబ్బు నిలవడం కష్టం. పండగొస్తుంది, పెళ్లొస్తుంది, ఫోను పాతబడుతుంది. జీతం పడిన రోజే దానంతటదే పోయే ఏర్పాటు లేకపోతే మూడో నెలకే ఆగిపోయేవాళ్లు ఎక్కువ. మీ స్వభావం మీకే తెలుసు. చేతిలో ఆరు నెలల ఈఎంఐకీ ఇంటి ఖర్చుకీ సరిపడా డబ్బు ఇంకా పోగు కాకపోతే కాగితం మీద గడువు తగ్గించుకోవడం తొందరపాటనే నా అభిప్రాయం. ఆ నిల్వ ఉంటే 12 ఏళ్లకు మార్పించుకోవడం మీ లెక్కలో సరిగ్గా ఇముడుతుంది. పదేళ్లకు ఇప్పుడే మార్పించుకోవడం అన్నిటికన్నా బిగుతైన దారి.

మీ నాయనగారి పత్తి డబ్బును తక్కువగా చూడొద్దు. ఈఎంఐ ఇలాగే ఉంచి, ఇవాళ్టికి ఏడాది తర్వాత మొదలుపెట్టి ఏడాదికోసారి లక్ష చొప్పున అసలు కింద కడితే అప్పు సుమారు పదిన్నర ఏళ్లలో తీరుతుంది. వడ్డీలో దాదాపు 10.48 లక్షలు మిగులుతుంది. మీరు కోరుకున్న పదేళ్లకు ఇది ఆరు నెలలే ఎక్కువ, నెలవారీ బరువు మాత్రం ఒక్క రూపాయీ పెరగలేదు. వానలు ఎగ్గొట్టిన ఏడాది లక్ష రాదు, అది నిజమే. ఏటా 50,000 మాత్రమే కట్టగలిగినా పదమూడేళ్ల లోపే తీరిపోతుంది.

ఒకేసారి పెద్ద మొత్తం కట్టేటప్పుడు చాలామంది నష్టపోయేది ఒక్కచోటే. బ్యాంకు దాన్ని రెండు రకాలుగా వాడొచ్చు: గడువు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గించడం, లేదా ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించడం. మీరు ఇవాళే లక్ష కట్టారనుకోండి. మొదటి పద్ధతిలో ఈఎంఐ 928 తగ్గి 25,107 అవుతుంది, పదిహేడేళ్లకు కలిసొచ్చేది సుమారు 89 వేలు. రెండో పద్ధతిలో పదిహేను కంతులకు పైగా ఎగిరిపోతాయి, కలిసొచ్చేది సుమారు మూడు లక్షలు. అదే లక్ష. కాబట్టి డబ్బు కట్టే ప్రతిసారీ "అసలు కింద జమ, ఈఎంఐ మార్చకుండా గడువు తగ్గించాలి" అని రాసి ఇవ్వాలి. ఏమీ రాయకపోతే కొన్నిచోట్ల ఆ డబ్బు ముందస్తు కంతుగా పక్కన కూర్చుంటుంది, వడ్డీ తగ్గదు. ఒక్కోచోట విడిగా కట్టే మొత్తానికి కనీస పరిమితి కూడా పెడతారు. నెలకు 8,738 తీసుకోరంటే మూడు నెలలకోసారి పోగేసి కట్టండి.

ముందుగా కట్టినందుకు జరిమానా భయం మీకు అక్కర్లేదు. వ్యాపారానికి కాకుండా వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు అప్పుల మీద ముందస్తు చెల్లింపు చార్జీ వేయకూడదని రిజర్వు బ్యాంకు ఇంటి అప్పుల విషయంలో 2012లోనే చెప్పింది. మీ శాంక్షన్ లెటరు తీసి ఫ్లోటింగ్ అనే ఉందని మాత్రం ఒకసారి నిర్ధారించుకోండి. మొదటి కొన్నేళ్లు స్థిర రేటు, తర్వాత ఫ్లోటింగ్ అనే రకం అప్పులూ ఉన్నాయి.

ఇక లెటరు. మేనేజరుకు కావలసింది మీ కష్టసుఖాలు కాదు. ఏ ఖాతా, ఏ తేదీ నాటి బ్యాలెన్సు, ఎన్ని నెలలు, ఎంత ఈఎంఐ, ఎలా కడతారు, ఎవరు సంతకం పెట్టారు అన్నవి ఒక్క పేజీలో ఉండాలి. యాప్‌లో అంకె కాకుండా బ్రాంచిలో ఇచ్చిన లోన్ స్టేట్‌మెంటు అంకె వాడండి. నమూనా 12 ఏళ్లకు రాస్తున్నాను. మీరు పదేళ్లే ఎంచుకుంటే పైన చెప్పిన అంకెలు అందులో పెట్టుకోండి.

బ్రాంచి మేనేజరు గారికి,

విషయం: గృహరుణ ఖాతా నం. ________ మిగిలిన గడువును 204 నెలల నుంచి 144 నెలలకు తగ్గించమని వినతి.

అయ్యా,

పై ఖాతాలో ________ తేదీ నాటి స్టేట్‌మెంటు ప్రకారం బాకీ రూ. 28,04,580. వడ్డీ 8.50 శాతం, ఫ్లోటింగ్. ఈఎంఐ రూ. 26,035. ఇప్పటివరకు 36 కంతులు గడువులోపలే చెల్లించాము.

మిగిలిన గడువును 144 నెలలకు తగ్గించి, ________ నెల కంతు నుంచి ఈఎంఐని రూ. 31,132గా మార్చవలసిందిగా కోరుతున్నాము. ప్రస్తుత రేటు ప్రకారం లెక్క:

ఇప్పటి పద్ధతి: 26,035 × 204 = 53,11,140. ఇందులో వడ్డీ 25,06,560.
కోరుతున్న పద్ధతి: 31,132 × 144 = 44,83,008. ఇందులో వడ్డీ 16,78,428.

నా నికర జీతం రూ. 71,000. ఇతర కంతు రూ. 4,200 (బైకు, 14 నెలలు మిగిలి ఉంది). అన్నీ కలిపి జీతంలో 49.8 శాతం అవుతుంది. ఆరు నెలల జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, ప్రస్తుత కాంట్రాక్టు కాపీ జతచేశాను.

ఇకముందు మేము విడిగా చెల్లించే మొత్తాలను అసలు కింద జమచేసి, ఈఎంఐ మార్చకుండా గడువు తగ్గించాలని, వడ్డీ రేటు మారినప్పుడు గడువు పెంచే ముందు మమ్మల్ని అడగాలని కోరుతున్నాము. మార్పు తర్వాత కొత్త కంతుల పట్టిక ఇప్పించగలరు.

ఇట్లు,
(రుణగ్రహీత సంతకం)
(సహ రుణగ్రహీత సంతకం)

రెండో సంతకం మరిచిపోతే లెటరు వెనక్కి వస్తుంది. అప్పులో మీ నాయనగారు ఉన్నారు కాబట్టి షరతులు మారాలంటే ఆయన ఒప్పుకోలు కావాలి. బ్యాంకు కొత్త ఒప్పంద పత్రం మీద సంతకాలు అడిగితే అప్పుడూ ఇద్దరూ వెళ్లాలి. పత్తి ఏరే రోజుల్లో కాకుండా చూసుకోండి.

రేటు గురించి రాసిన వాక్యం ఊరికే పెట్టింది కాదు. రేటు పెరిగినప్పుడు ఈఎంఐ కదలకుండా గడువును చడీచప్పుడు లేకుండా పొడిగించడం బ్యాంకులకు అలవాటు. మీరు ఎంతో కష్టపడి తగ్గించిన నెలలు అలా తిరిగొచ్చేస్తాయి. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కొంత కొంతా అన్నది అప్పు తీసుకున్నవారే ఎంచుకునేలా చూడాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశమిచ్చింది. రేటు తగ్గినప్పుడు మీరు చేయవలసింది దీనికి తిరగేసి: ఈఎంఐ తగ్గించవద్దని చెప్పడం. 8.50 కాస్తా 8.00 అయి ఈఎంఐ 26,035గానే ఉంటే 204 కంతులు 191 అవుతాయి, మీ జేబులోంచి పైసా అదనంగా పోకుండానే. మేనేజరు దగ్గరికి వెళ్లినప్పుడు, ఇప్పుడు కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు ఎంత రేటు ఇస్తున్నారో కూడా అడగండి. మీకన్నా తక్కువైతే మీ ఖాతాకూ తగ్గించడానికి ఏం చేయాలో, దానికి ఫీజు ఎంతో కనుక్కోండి.

పన్ను కోసం అప్పు ఉంచుకోవాలని ఎవరైనా సలహా ఇస్తే మీరు ఏ పన్ను విధానంలో ఉన్నారో చూసుకోండి. కొత్త విధానంలో సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపే లేదు. పాత విధానంలోనూ ఏడాదికి రెండు లక్షలే పరిమితి, మీ వడ్డీ ఇప్పుడు దానికి మించే ఉంది.

లెటరు రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో బ్రాంచి ముద్ర వేయించుకోండి. చాలా బ్యాంకుల్లో ఇలాంటి మార్పులు బ్రాంచిలో జరగవు, రుణాల కేంద్రానికి వెళ్తాయి. కాగితం మధ్యలో ఎక్కడో ఆగితే ఆ ముద్రే మీకు ఆధారం. ముప్పై రోజులైనా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు మీకు నచ్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టొచ్చు. దానికి ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ఆ ముప్పై రోజులు ఆగి ఉండాలన్నది షరతు.

మార్పు ఒప్పుకున్నాక ఒక ప్రమాదం ఉంది. మీ జీతం ఖాతా వేరే బ్యాంకులో ఉండి, అక్కడి నుంచి ఎన్‌ఏసీహెచ్ అనే పద్ధతిలో నెలనెలా దానంతటదే ఈఎంఐ పోతుంటే, దానికి మీరిచ్చిన అనుమతిలో, అంటే మాండేటులో, ఒక గరిష్ఠ మొత్తం రాసి ఉంటుంది. అప్పట్లో అది 30,000 అని రాసుంటే 31,132 కంతు ఖాతాలో డబ్బున్నా వెనక్కి పోతుంది, మొదటి నెలే బౌన్సు. కాబట్టి కొత్త ఈఎంఐకి సరిపడా కొత్త మాండేటు ఇవ్వండి, అది రిజిస్టరైందని మెసేజి వచ్చేదాకా పాతదాన్ని రద్దు చేయకండి. ఆ నెల కంతును మీరే విడిగా కట్టాల్సి వస్తుందేమో ముందే అడిగి తెలుసుకోండి.

మొదటి కొత్త కంతు పోయిన మర్నాడు స్టేట్‌మెంటు తీయండి. 31,132 కట్టినట్లయితే బ్యాలెన్సు 28,04,580 నుంచి 27,93,314కు రావాలి. రోజుల లెక్క వల్ల కొన్ని వందలు అటూ ఇటూ ఉండొచ్చు. అదే 27,98,411 దగ్గర ఆగితే పాత ఈఎంఐ మాత్రమే జమైందని అర్థం. అప్పుడు ముద్ర వేసిన కాపీతో ఆ వారంలోనే బ్రాంచికి వెళ్లండి. బైకు అప్పు తీరిన నెలలో 4,200 ఖాళీ అవుతుంది. పదేళ్ల గడువుకు రెండో లెటరు రాయాలనుకుంటే దానికి అదే సరైన సమయం. అప్పటి బ్యాలెన్సుతో, అప్పటి రేటుతో పై సూత్రాలు మళ్లీ కొట్టి రాయండి. ఇవాళ్టి అంకెలు అప్పటికి పనికిరావు.